లాస్ గీతలు చదివి ఓవర్‌ఫిట్టింగ్‌ను పట్టుకోవడం: సమగ్ర మార్గదర్శి

ట్రైనింగ్ లాస్ తగ్గుతూ ఉండగా వాలిడేషన్ లాస్ పెరిగితే అది ఓవర్‌ఫిట్టింగ్ అన్న సూత్రం మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే ప్రతివారికీ మొదటి వారంలోనే తెలుస్తుంది. అయినా ప్రశ్నలు ఆగడం లేదు. రెండు గీతల మధ్య ఎంత ఎడం ఉంటే ప్రమాదం, వాలిడేషన్ లాస్ పెరుగుతున్నా యాక్యురసీ ఎందుకు తగ్గడం లేదు, వాలిడేషన్ గీత ట్రైనింగ్ గీత కన్నా కిందికి ఎలా పోతుంది అని పాఠకులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఈ మూడింటికీ సమాధానం దొరికేలా, ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు పట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ఉదాహరణ ఇది. సినిమా సమీక్షల్లోని వాక్యాలను మెచ్చుకోలు, విమర్శ అనే రెండు తరగతులుగా విడదీసే మోడల్ ఒకటి ఉందనుకుందాం. ట్రైనింగ్‌కు 3,000 వాక్యాలు, వాలిడేషన్‌కు 1,000 వాక్యాలు ఉన్నాయి. లాస్ ఫంక్షన్ క్రాస్ ఎంట్రపీ. కింద వచ్చే లాస్, యాక్యురసీ అంకెలు విషయం అర్థం కావడానికి నేను కూర్చినవి. అయితే వాటి నడక మాత్రం ఇలాంటి పనిలో తరచుగా కనిపించేదే.

## 1. ముందుగా కారణం: మోడల్ ఎప్పుడు బట్టీ పడుతుంది

ట్రైనింగ్ డేటాలో రెండు రకాల సమాచారం కలిసి ఉంటుంది. కొత్త వాక్యాలకు కూడా వర్తించే సాధారణ లక్షణాలు ఒకటి, ఆ 3,000 వాక్యాలకే పరిమితమైన కాకతాళీయాలు రెండవది. తప్పుగా పడిన లేబుళ్ళు, రెండు మూడు సార్లే వచ్చిన పేర్లు, అనుకోకుండా ఒకే తరగతిలో పడిన మాటలు ఈ రెండవ రకానికి చెందుతాయి. మోడల్‌కు ఈ తేడా తెలియదు. లాస్‌ను తగ్గించడం ఒక్కటే దానికి అప్పగించిన పని.

తొలి ఎపాక్‌లలో సాధారణ లక్షణాలే పైచేయి సాధిస్తాయి, ఎందుకంటే వందలాది వాక్యాలు వెయిట్‌లను ఒకే దిశలోకి లాగుతాయి. "విసుగు" అన్న మాట విమర్శ వైపు మొగ్గుతుందని నేర్చుకుంటే ఒకేసారి ఎన్నో వాక్యాల లాస్ తగ్గుతుంది. ఆ సులభమైన లాభం అయిపోయాక మిగిలిన లాస్ అంతా మొండి వాక్యాల దగ్గరే పోగుపడి ఉంటుంది. అప్పటి నుంచి గ్రేడియంట్ ప్రధానంగా వాటి నుంచే వస్తుంది కాబట్టి, మోడల్ ఒక్కో వాక్యాన్ని విడివిడిగా సరిపెట్టుకోవడం మొదలుపెడుతుంది. బట్టీ పట్టడం అంటే ఇదే.

రెండవ కారణం అంతగా చర్చకు రాదు గాని, గీతలు చదివేటప్పుడు అదే ఎక్కువగా ఉపయోగపడుతుంది. ట్రైనింగ్ వాక్యాలన్నింటికీ మోడల్ సరైన జవాబు చెప్పగలిగిన తరువాత కూడా క్రాస్ ఎంట్రపీ సున్నా కాదు. సరైన తరగతికి 0.9 సంభావ్యత ఇస్తే లాస్ 0.105, 0.99 ఇస్తే 0.010. అంటే కొత్తగా ఏమీ నేర్చుకోకపోయినా, వెయిట్‌లను పెంచి ధీమా పెంచుకుంటే చాలు, లాస్ తగ్గుతుంది. ఆ ధీమా ట్రైనింగ్ వాక్యాల దగ్గర చెల్లుతుంది. కొత్త వాక్యాల దగ్గర, మోడల్ పొరబడిన ప్రతిచోటా, దానికి మూల్యం చెల్లించవలసి వస్తుంది.

మీ మోడల్‌కు బట్టీ పట్టే శక్తి ఉందో లేదో తెలుసుకోవాలంటే ట్రైనింగ్ లేబుళ్ళను కావాలనే కలగాపులగం చేసి ఒకసారి నడిపి చూడండి. నేర్చుకోదగినది ఏదీ మిగలకపోయినా ట్రైనింగ్ లాస్ సున్నా వైపు జారిపోతే ఆ శక్తి ఉన్నట్టే. CIFAR-10 లోని 50,000 ట్రైనింగ్ బొమ్మలకు యాదృచ్ఛిక లేబుళ్ళు తగిలించినా న్యూరల్ నెట్‌వర్క్‌లు వాటిని దాదాపు తప్పు లేకుండా సరిపెట్టుకోగలవని 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన చూపింది. కాబట్టి ట్రైనింగ్ లాస్ తక్కువగా ఉండడం ఒక్కదానితోనే మోడల్ ఏదో నేర్చుకుందని చెప్పలేము.

## 2. డేటాను విడదీయడం

గీతలు నిజం చెప్పాలంటే వాలిడేషన్ సెట్ నిజంగా కొత్తది కావాలి. ఇక్కడ జరిగిన తప్పు గ్రాఫ్‌లో తప్పుగా కనిపించదు, పైగా ఎంతో అందంగా కనిపిస్తుంది. నేను ఒకసారి వాక్యాలను కొద్దికొద్దిగా మార్చి డేటాను పెంచి, ఆ తరువాత ట్రైనింగ్, వాలిడేషన్‌లుగా విడదీశాను. ఒకే వాక్యానికి చెందిన రూపాలు రెండు వైపులా పడ్డాయి. రెండు గీతలూ చివరి వరకు అంటిపెట్టుకుని దిగాయి, నేనూ సంతోషించాను. బయటి వాక్యాలు ఇచ్చి చూసేదాకా అసలు సంగతి బయటపడలేదు.

విడదీసే ముందు సరిచూసుకోవలసినవి:

- [ ] అచ్చంగా ఒకేలా ఉన్న వాక్యాలను, దాదాపు ఒకేలా ఉన్నవాటిని తొలగించారా?
- [ ] ఒకే సమీక్షలోని వాక్యాలన్నీ ఒకే వైపు ఉన్నాయా?
- [ ] డేటాను పెంచడం, పదజాలం తయారుచేయడం, సగటులు లెక్కించడం వంటివన్నీ విడదీసిన తరువాత, ట్రైనింగ్ భాగంతో మాత్రమే చేస్తున్నారా?
- [ ] రెండు భాగాలలోనూ తరగతుల నిష్పత్తి దగ్గరగా ఉందా?
- [ ] చివరి కొలత కోసం ముట్టుకోని టెస్ట్ సెట్‌ను వేరుగా ఉంచారా?

## 3. రెండు లాస్‌లనూ ఒకే త్రాసులో తూచడం

చాలామంది గ్రాఫ్‌లలో రెండు గీతలు పోల్చదగినవే కావు. ట్రైనింగ్ లూప్ తెరమీద చూపించే లాస్ ఎపాక్ మొత్తం మీద తీసిన సగటు. అందులో మొదటి బ్యాచ్‌లను పాత వెయిట్‌లతో, చివరి బ్యాచ్‌లను కొత్త వెయిట్‌లతో కొలిచి ఉంటారు. వాలిడేషన్ లాస్‌ను మాత్రం ఎపాక్ ముగిశాక, బాగుపడిన మోడల్‌తో కొలుస్తారు. దీనికి తోడు ట్రైనింగ్ సమయంలో డ్రాపవుట్ కొన్ని న్యూరాన్‌లను ఆపి ఉంచుతుంది కాబట్టి ఆ లాస్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. లాస్‌కు మీరే ఏదైనా పెనాల్టీని కలిపి ఉంటే అది కూడా ట్రైనింగ్ అంకెలోకే చేరుతుంది.

వాలిడేషన్ గీత ట్రైనింగ్ గీత కన్నా కింద ఉండడానికి మామూలు కారణాలు ఇవే. ఇందులో వింత ఏమీ లేదు, కొలతల్లో తేడా అంతే. దీన్ని సరిచేయాలంటే ఎపాక్ ముగిశాక రెండు సెట్‌లనూ ఒకే ఫంక్షన్‌తో కొలవాలి. పైటార్చ్‌లో అయితే ఇలా రాయవచ్చు:

```python
def mean_loss(model, loader, loss_fn):
    model.eval()
    total, n = 0.0, 0
    with torch.no_grad():
        for x, y in loader:
            total += loss_fn(model(x), y).item() * len(y)
            n += len(y)
    model.train()
    return total / n
```

`model.eval()` డ్రాపవుట్‌ను ఆపుతుంది. `len(y)` తో గుణించడం ఎందుకంటే, చివరి బ్యాచ్ చిన్నదిగా ఉన్నప్పుడు బ్యాచ్‌ల సగటుకు మళ్ళీ సగటు తీస్తే ఆ కొద్ది వాక్యాలకు అర్హతకు మించిన బరువు వస్తుంది. చివరలో `model.train()` మరిచిపోతే తరువాతి ఎపాక్‌లన్నీ డ్రాపవుట్ లేకుండానే నడుస్తాయి. ఓవర్‌ఫిట్టింగ్‌ను కొలవబోయి దాన్ని మనమే పెంచినట్టవుతుంది. ట్రైనింగ్ సెట్ మరీ పెద్దదైతే దానిలో నుంచి 1,000 వాక్యాలను ఒకసారి ఎంచుకుని, ప్రతి ఎపాక్‌లోనూ వాటినే కొలిస్తే సరిపోతుంది.

## 4. గ్రాఫ్‌లో ఉండవలసినవి

రెండు లాస్ గీతలనూ ఒకే గ్రాఫ్‌లో, ఒకే కొలమానం మీద గీయండి. 0వ ఎపాక్‌ను, అంటే ట్రైనింగ్ మొదలు కాకముందు కొలిచిన లాస్‌ను కూడా చేర్చండి.

తరువాత 0.693 దగ్గర ఒక అడ్డగీత గీయండి. రెండు తరగతులకూ చెరి సగం సంభావ్యత ఇచ్చే మోడల్ లాస్ ఇది, అంటే 2కు సహజ లాగరిథమ్. పది తరగతులైతే ఆ అంకె 2.303 అవుతుంది. వాలిడేషన్ లాస్ ఈ గీతను దాటి పైకి పోయిందంటే, సంభావ్యతల విషయంలో మీ మోడల్ ఏమీ తెలియదని ఒప్పుకునే మోడల్ కన్నా అధ్వాన్నంగా ఉన్నట్టు లెక్క.

యాక్యురసీని వేరే గ్రాఫ్‌లో, కిందనే పెట్టండి. గీతలను నునుపు చేసే సదుపాయాన్ని ఆపివేయండి లేదా చాలా తగ్గించండి, ఎందుకంటే అది మలుపును రెండు మూడు ఎపాక్‌ల మేర ఆలస్యంగా చూపిస్తుంది. మనకు కావలసింది ఆ మలుపే.

## 5. గీతలను చదవడం

మన మోడల్ అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం.

| ఎపాక్ | ట్రైనింగ్ లాస్ | వాలిడేషన్ లాస్ | వాలిడేషన్ యాక్యురసీ |
|---|---|---|---|
| 1 | 0.55 | 0.57 | 72% |
| 3 | 0.36 | 0.42 | 82% |
| 5 | 0.26 | 0.38 | 84% |
| 8 | 0.13 | 0.43 | 84% |
| 11 | 0.06 | 0.52 | 85% |
| 15 | 0.02 | 0.61 | 85% |

ముందుగా ఎడాన్ని చూడాలనిపిస్తుంది. 3వ ఎపాక్‌లోనే 0.06 ఎడం ఉంది, 5వ ఎపాక్‌కు అది 0.12 అయింది. ఇంతమాత్రాన ఏదో తప్పు జరిగిందని చెప్పలేము. తాను చూసిన వాక్యాల మీద మోడల్ కొంత మెరుగ్గా ఉండడం సహజమే, ఆ ఎడం పెరుగుతున్నా వాలిడేషన్ లాస్ తగ్గుతున్నంత కాలం మోడల్ పనికివచ్చేది నేర్చుకుంటూనే ఉంది. ఎడాన్ని చూసి 3వ ఎపాక్‌లో ఆపేసినవారు 0.42 నుంచి 0.38కి తగ్గే అవకాశాన్ని వదులుకున్నట్టే.

చూడవలసింది వాలిడేషన్ గీత తిరిగే చోటు. అది 5వ ఎపాక్ దగ్గర అడుగును తాకి, 8వ ఎపాక్‌కు 0.43కి చేరింది. అదే వ్యవధిలో ట్రైనింగ్ లాస్ సగానికి పడిపోయింది. ఒకటి దిగుతూ మరొకటి ఎక్కుతున్న ఈ భాగంలో మోడల్ కూడగట్టుకున్నది ఆ 3,000 వాక్యాలకే చెందినది.

అయితే ఒక్క ఎపాక్‌లో 0.01 పెరగగానే తీర్పు చెప్పకూడదు. ఒక్కో వాక్యం లాస్‌లో ప్రామాణిక విచలనం 0.7 ఉందనుకుంటే, 1,000 వాక్యాల సగటులో ప్రామాణిక దోషం సుమారు 0.022 అవుతుంది. అన్ని ఎపాక్‌లలోనూ అవే వాక్యాలను కొలుస్తున్నాము కాబట్టి ఎపాక్‌ల మధ్య ఊగిసలాట సాధారణంగా ఇంతకన్నా తక్కువే ఉంటుంది గాని, చిన్న కదలికలను నమ్మకపోవడమే మంచిది. వాలిడేషన్ సెట్ 100 వాక్యాలే అయితే అదే దోషం 0.07 అవుతుంది. అప్పుడు 0.38కి, 0.43కి మధ్య తేడాను నిశ్చయంగా చెప్పడం కష్టం. నా మట్టుకు నేను వరుసగా మూడు ఎపాక్‌లు అడుగు కన్నా పైన ఉంటేనే మలుపు అని ఒప్పుకుంటాను.

## 6. లాస్ పెరుగుతున్నా యాక్యురసీ తగ్గకపోతే

పై పట్టికలో 5వ ఎపాక్ నుంచి 15వ ఎపాక్ వరకు వాలిడేషన్ లాస్ 0.38 నుంచి 0.61కి పెరిగింది, యాక్యురసీ మాత్రం 84 నుంచి 85 శాతానికి చేరింది. ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. లెక్క విప్పి చూస్తే చిక్కు వీడిపోతుంది.

5వ ఎపాక్‌లో సరిగా చెప్పిన 840 వాక్యాల సగటు లాస్ 0.20, తప్పుగా చెప్పిన 160 వాక్యాల సగటు లాస్ 1.3 అనుకుందాం. మొత్తం 168 + 208 = 376. దాన్ని 1,000తో భాగిస్తే 0.376. 15వ ఎపాక్‌లో సరైనవి 850, వాటి సగటు 0.05, తప్పులు 150, వాటి సగటు 3.8. మొత్తం 42.5 + 570 = 612.5, అంటే 0.61. సరైన జవాబుల దగ్గర లాస్ బాగా తగ్గింది, తప్పుల సంఖ్య కూడా పది తగ్గింది. కానీ మిగిలిన 150 తప్పులనూ మోడల్ పూర్తి ధీమాతో చేస్తోంది. లాస్ 1.3 అంటే సరైన తరగతికి సగటున 0.27 దగ్గర సంభావ్యత ఇవ్వడం, 3.8 అంటే 0.02 దగ్గర ఇవ్వడం.

ఒక్క వాక్యాన్ని దగ్గరగా చూద్దాం: "కథ బాగుందనే అనిపించింది గానీ, చివరి అరగంట కూర్చోలేకపోయాను." ఇది విమర్శ. 5వ ఎపాక్‌లో మోడల్ విమర్శకు 0.40 సంభావ్యత ఇచ్చింది. జవాబు తప్పే, లాస్ 0.92. ట్రైనింగ్ వాక్యాల్లో "కథ బాగుంది" అన్న మాట ఉన్నవన్నీ మెచ్చుకోళ్ళే కావడంతో ఆ మాట వెయిట్ పెరుగుతూ పోయి, 15వ ఎపాక్‌కు విమర్శ సంభావ్యత 0.02కి పడిపోయింది, జవాబు అప్పుడూ తప్పే, లాస్ మాత్రం 3.91. యాక్యురసీ ఈ రెండింటినీ ఒకే తప్పుగా లెక్కిస్తుంది. అది గీతకు అటా ఇటా అన్నదే చూస్తుంది గాని ఎంత దూరంలో ఉన్నదో చూడదు.

మరి ఏ ఎపాక్ మోడల్‌ను తీసుకోవాలి? సంభావ్యతను నమ్మి తరువాతి నిర్ణయం తీసుకునే చోట, ఉదాహరణకు 0.9 దాటితేనే ఆమోదించి మిగిలినవి మనిషికి పంపే ఏర్పాటులో, 15వ ఎపాక్ మోడల్ ప్రమాదకరం. 5వ ఎపాక్ మోడల్‌నే తీసుకోవాలి. తరగతి పేరు ఒక్కటే కావలసిన చోట 15వది కూడా పనికి రావచ్చు. అయితే ఆ ఒక్క శాతం లాభాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. 1,000 వాక్యాల మీద 85 శాతం యాక్యురసీకి ప్రామాణిక దోషం సుమారు 1.1 శాతం.

## 7. ఓవర్‌ఫిట్టింగ్ కానివి

మొదటి నుంచీ ఒకే ఎడం. 0వ ఎపాక్ తరువాత వెంటనే ఎడం ఏర్పడి, రెండు గీతలూ సమాంతరంగా దిగుతుంటే వాలిడేషన్ వాక్యాలు వేరే రకానికి చెందినవి అయివుండవచ్చు. కొన్ని ట్రైనింగ్ వాక్యాలను చివరి వరకు మోడల్‌కు చూపించకుండా పక్కన పెట్టి కొలవండి. వాటి లాస్ ట్రైనింగ్ గీతకు దగ్గరగా ఉంటే తేడా డేటా పంపిణీలో ఉంది; వాలిడేషన్ గీతకు దగ్గరగా ఉంటే అది బట్టీయే.

రెండూ ఎత్తులోనే ఆగిపోవడం. ట్రైనింగ్ లాస్ కూడా 0.6 దగ్గర నిలిచిపోతే అది అండర్‌ఫిట్టింగ్. ఇక్కడ డ్రాపవుట్ పెంచితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

రెండూ ఒకేసారి ఎగరడం. ట్రైనింగ్ లాస్ కూడా పైకి లేస్తే ముందుగా అనుమానించవలసింది లెర్నింగ్ రేటును. దాన్ని మూడో వంతుకు తగ్గించి చూడండి.

## 8. నిర్ధారించుకున్నాక చేయవలసిన పనులు, వరుసగా

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మార్పు ఫలించిందా లేదా అన్నది వాలిడేషన్ లాస్ చేరుకున్న అడుగును బట్టి మాత్రమే తేల్చండి. ఎడం తగ్గడాన్ని విజయంగా లెక్కిస్తే, ట్రైనింగ్ లాస్‌ను పాడుచేసి మురిసిపోయే ప్రమాదం ఉంది.

ముందుగా, సరైన చోట ఆపడం. ఇది దాదాపు ఖర్చు లేని పని. కెరాస్‌లో ఇలా:

```python
EarlyStopping(monitor="val_loss", patience=3,
              restore_best_weights=True)
```

`restore_best_weights` మామూలుగా `False` గా ఉంటుంది. దాన్ని మార్చకపోతే మన ఉదాహరణలో శిక్షణ 8వ ఎపాక్ దగ్గర ఆగుతుంది, చేతికి వచ్చేది కూడా 8వ ఎపాక్ వెయిట్‌లే. లాస్ 0.38 వచ్చిందని నివేదికలో రాసుకుని 0.43 మోడల్‌ను వాడుతున్నవారు తక్కువేమీ కాదు.

తరువాత, లేబుళ్ళు. 5వ ఎపాక్ మోడల్‌తో ట్రైనింగ్ వాక్యాలను లాస్ క్రమంలో పేర్చి, అన్నిటికన్నా ఎక్కువ లాస్ ఉన్న 50 వాక్యాలను మీరే చదవండి. తప్పు లేబుళ్ళు ఉంటే ఎక్కువగా అక్కడే గుమిగూడి ఉంటాయి. 15వ ఎపాక్ మోడల్‌తో చేస్తే దొరకవు, అప్పటికే అది వాటిని కూడా బట్టీ పట్టి ఉంటుంది.

ఆపైన, నియంత్రణ. డ్రాపవుట్‌ను 0.1 నుంచి 0.3కి పెంచడం గాని, వెయిట్ డికే పెంచడం గాని చేయండి. మార్పు సరిగా పనిచేస్తే ట్రైనింగ్ గీత నెమ్మదిగా దిగుతుంది, వాలిడేషన్ మలుపు ఆలస్యంగా వస్తుంది, దాని అడుగు 0.38 కన్నా కిందికి వెళ్తుంది. మలుపు 5 నుంచి 9వ ఎపాక్‌కు జరిగి, అడుగు మాత్రం 0.38 దగ్గరే ఉంటే మీరు సాధించింది ఆలస్యమే. ఆ మార్పును వెనక్కి తీసుకోండి.

చివరగా, డేటా. కొత్త వాక్యాలకు లేబుళ్ళు వేయించడం శ్రమతో కూడిన పని కాబట్టి, ముందుగా దాని వల్ల లాభం ఉంటుందో లేదో చూసుకోండి. ఇదే మోడల్‌ను 750, 1,500, 3,000 వాక్యాలతో విడివిడిగా నడిపి, ప్రతిసారీ వాలిడేషన్ లాస్ అడుగును రాసుకోండి. అవి 0.50, 0.43, 0.38గా వస్తే గీత ఇంకా దిగుతూనే ఉంది, 6,000 వాక్యాలు తెచ్చుకోవడం వృథా పోదు. 0.41, 0.39, 0.38గా వస్తే అదే రకం వాక్యాలను ఎన్ని పోగుచేసినా పెద్దగా కదలదు. "కథ బాగుందనే అనిపించింది గానీ" వంటి మెలిక వాక్యాలను ఏరి తీసుకురావడమో, మోడల్‌ను మార్చడమో చేయాలి.

ఈ మార్పులన్నింటినీ ఒకే వాలిడేషన్ సెట్‌ను చూసి ఎంచుకున్నారు కాబట్టి, ఆ సెట్‌లోని కాకతాళీయాలకు మీ ఎంపికలు కూడా కొంత అలవాటుపడి ఉంటాయి. ముప్పై నలభై ప్రయోగాల తరువాత వాలిడేషన్ అడుగు 0.34 అని కనిపించి, పక్కన పెట్టిన టెస్ట్ సెట్ మీద 0.37 వస్తే ఆశ్చర్యపోకండి. నివేదికలో రాయవలసింది 0.37. ఆ అంకెను చూసి మళ్ళీ డ్రాపవుట్ సవరించడానికి కూర్చుంటే, టెస్ట్ సెట్ అప్పటి నుంచి మరో వాలిడేషన్ సెట్ అయిపోతుంది.